ఫొటోలో మూడు లెక్కలు: రైలు ఒకటి, పడవలు రెండు. 43వ దానికి సమాచారం సరిపోతుందా?

చీపురుపల్లి_చెల్లి · ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. రైల్వే పరీక్ష కోసం విజయనగరంలో గది తీసుకుని చదువుకుంటున్నాను. మా ఫ్రెండ్ వెళ్లే కోచింగ్‌లో ఈ రోజు పెట్టిన మోడల్ టెస్టు పేపరు ఒక పావుగంట నా చేతికొస్తే, ఒక పేజీ ఫొటో తీసుకున్నాను. ట్యూబులైటు కింద నా చెయ్యి నీడ పడిపోయింది. పైగా కుట్టు దగ్గర కాగితం వంగి అక్షరాలు లోపలికి పోయాయి. అందుకని కనిపించినంత టైపు చేసి పెడుతున్నాను.

41. ఒక రైలు, తాను వెళ్తున్న దిశలోనే గంటకు 3 కి.మీ., 6 కి.మీ. వేగంతో నడుస్తున్న ఇద్దరు వ్యక్తులను వరుసగా 15 సెకన్లలో, 16 సెకన్లలో దాటింది. రైలు పొడవు ఎంత? (150 మీ., 180 మీ., 200 మీ., 240 మీ.)

42. ఒక పడవ ఒక రేవు నుంచి మరో రేవుకి ప్రవాహ దిశలో 3 గంటల్లో వెళ్లి, ఎదురు దిశలో 5 గంటల్లో తిరిగి వచ్చింది. ప్రవాహ వేగం గంటకు 2 కి.మీ. అయితే రేవుల మధ్య దూరం ఎంత? (15, 24, 30, 32 కి.మీ.)

43. ప్రవాహానికి ఎదురుగా పడవ నడుపుతున్న ఒకని బిందె వంతెన కింద నీటిలో పడిపోయింది. 20 నిమిషాల తర్వాత అతడు గమనించి, వెంటనే వెనుదిరిగి, అదే బలంతో తెడ్డు వేసి, వంతెనకు 2 కి.మీ. దిగువన బిందెను అందుకున్నాడు. ప్రవాహ వేగం ఎంత? (గంటకు 3 కి.మీ., 4 కి.మీ., 6 కి.మీ., ఇచ్చిన సమాచారం చాలదు)

41లో 6 అని టైపు చేశాను గానీ ఆ అంకె సరిగ్గా మడతలో ఉంది. 8 కావచ్చు, 9 కూడా కావచ్చు. 42లో 15 దగ్గర పెన్సిల్ టిక్కు ఉంది. నాకు 30 వస్తోంది. 43లో పడవ వేగమే ఇవ్వలేదు కదా, ఎలా మొదలుపెట్టాలో తెలియక వదిలేశాను.

రాజాం_బుల్లోడు · రాత్రి 8:58

41 చేసీశానండి. రైలు వేగం v అనుకుంటే (v + 3) × 15 = (v + 6) × 16. విప్పితే v = −51 వచ్చీసింది. రైలు వేగం మైనస్ ఏటి? ఆ అంకె 6 కాదు, ఇంకేదో అయ్యుంటాది. పోనీ 8 పెట్టి చూసినా మైనసే వస్తంది.

పాత_లెక్కల_మాస్టారు · రాత్రి 9:10

బాబూ, అంకె తప్పు కాదు, ప్రశ్న చదవడంలో ఒక మాట జారిపోయింది. "తాను వెళ్తున్న దిశలోనే" అని ఉంది. మీరు ఎదురుగా వచ్చే మనుషులకు లెక్క కట్టారు. ఎదురుగా వస్తే వేగాలు కూడాలి, ఒకే దిశలో పోతుంటే తీసెయ్యాలి.

ఆ మాట ముద్రణలో పోయినా, లేదా నీడలో పడి కనిపించకపోయినా సెకన్లు చూసి పట్టుకోవచ్చు. జోరుగా నడిచే మనిషిని దాటడానికి రైలుకి ఎక్కువ సమయం పట్టింది: 15 కాదు, 16. ఎదురుగా వచ్చేవాడైతే జోరుగా నడిచేకొద్దీ తొందరగా దాటిపోవాలి కదా. కాబట్టి ఆ ఇద్దరూ రైలుతో పాటు పోతున్నవాళ్లే. మీకు వచ్చిన మైనస్ కూడా ఆ మాటే చెబుతోంది. 51 అనే అంకె సరైనదే, దిశ ఒక్కటే తిరగబడింది.

ఇప్పుడు సమీకరణం లేకుండా చూద్దాం. మొదటివాడి పక్కనుంచి రైలు తన పొడవంతా 15 సెకన్లలో లాక్కుపోయింది. రెండోవాడు అతని కన్నా గంటకు 3 కి.మీ. ఎక్కువ జోరుగా నడుస్తున్నాడు. అంటే ఆ 15 సెకన్లు అయ్యేసరికి రెండోవాడి పక్కన రైలు ఇంకా కొంత మిగిలిపోతుంది. ఎంత మిగిలింది? గంటకు 3 కి.మీ. చొప్పున 15 సెకన్ల నడక, అంటే 12.5 మీటర్లు. ఆ 12.5 మీటర్లు దాటిపోవడానికే 16వ సెకను పట్టింది. కనక రెండోవాడి పక్కనుంచి రైలు సెకనుకు 12.5 మీటర్ల చొప్పున జరుగుతోంది. 16 సెకన్లకు 200 మీటర్లు. అదే పొడవు. సెకనుకు 12.5 మీటర్లంటే గంటకు 45 కి.మీ., దానికి అతని నడక 6 కలిపితే రైలు వేగం 51.

రాజాం_బుల్లోడు · రాత్రి 9:16

అవున్సార్, ఆ ముక్క చూసుకోలేదు. ఒక సెకను తేడాలోనే మొత్తం లెక్కంతా ఉన్నాది.

పాలకొండ_ప్రిపరేషన్ · రాత్రి 9:25

మాస్టారూ, ఆ అంకె 6 అని ఎలా అనుకుంటున్నారు? పరీక్షలో లెక్కలు ఎప్పుడూ రౌండుగా వస్తాయి కాబట్టి, రౌండుగా వచ్చిన అంకే సరైనది అని మా బ్యాచ్‌లో చెబుతారు.

పాత_లెక్కల_మాస్టారు · రాత్రి 9:41

ఆ సూత్రం సగం దూరమే పనికొస్తుంది. పెట్టి చూడండి. 8 అయితే తేడా 5 కి.మీ., పొడవు 333 చిల్లర వస్తుంది, కాబట్టి పోయింది. 9 పెడితే? తేడా 6 కి.మీ., మొదటి తేడాకి సరిగ్గా రెట్టింపు. కాబట్టి పొడవు కూడా రెట్టింపై 400 మీటర్లు వస్తుంది, రౌండుగానే. రైలు వేగం 99. రౌండుగా రావడం ఒక్కటే చూసుకుంటే 6కీ 9కీ తేడా తేలదు.

తేల్చేది ఆప్షన్లు. 400 అక్కడ లేదు, 200 ఉంది. ఇంకో చిన్న ఆధారం, 9 కి.మీ. నడక కాదు, పరుగు. ప్రశ్నలో "నడుస్తున్న" అని ఉంది.

చెల్లెమ్మా, మీ ఫొటోలోనే ఇంకో మార్గం ఉంది. అదే వరుసలో "16 సెకన్లలో" అన్నచోట 6 శుభ్రంగా కనిపిస్తోంది కదా. రెండింటినీ ఒకే సైజుకి పెద్దవి చేసి పక్కపక్కన పెట్టి చూడండి. 6కి పైన కుడివైపు తెరిచి ఉంటుంది, 9కి కింద ఎడమవైపు. 8కి రెండు పక్కలా మూసుకుపోతుంది.

చీపురుపల్లి_చెల్లి · రాత్రి 9:52

చూశాను మాస్టారూ. పై భాగం కుడివైపు తెరిచే ఉంది. కింది గుండ్రం సగం మడతలోకి పోయింది గానీ పై కొస మాత్రం 16లోని 6 లాగే ఉంది. 6 అని ఖాయం చేసుకుంటున్నాను.

పొందూరు_గేటు · రాత్రి 10:05

రైల్వేలో పని చేస్తున్నవాణ్ణి, ఆ 200 మీటర్ల గురించి ఒక్క మాట. పాత నీలం రకం బోగీ ఒక్కోటి దాదాపు 22 మీటర్లు, కొత్త ఎల్‌హెచ్‌బీ బోగీ దాదాపు 24 మీటర్లు ఉంటుంది. 200 మీటర్లంటే ఇంజనూ ఎనిమిది బోగీలూ అన్నమాట. మా లైన్లో పెద్ద ఎక్స్‌ప్రెస్ 22 బోగీలతో వస్తే అర కిలోమీటరు దాటిపోతుంది. కాబట్టి 400 కూడా నిజం రైలు పొడవే. "రైలు అంత పొడవు ఉండదులే" అని 9ని కొట్టెయ్యడానికి లేదు, మాస్టారు అన్నట్టు ఆప్షన్లే తేల్చాలి.

మాకు ఉన్న అలవాటు ఇంకొకటి. కిటికీ దగ్గర కూర్చుంటే కిలోమీటరు రాయి దాటగానే సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, తర్వాతి రాయి దాకా లెక్కపెడతాం. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వచ్చేస్తుంది. 40 సెకన్లు పడితే 90. శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి వెళ్లేటప్పుడు ఎవరైనా చేసి చూడండి. గంటలూ సెకన్లూ మార్చుకోవడం చేతికి అలవాటైపోతుంది.

పాలకొండ_ప్రిపరేషన్ · రాత్రి 10:20

సరే, 42కి వస్తాను. టిక్కు పెట్టిన 15 సరైనదే అని నా వాదన. దూరం d అయితే వెళ్లే వేగం d/3, వచ్చే వేగం d/5. రెండిటికీ తేడా ప్రవాహం వల్లే కదా, ప్రవాహం 2. d/3 − d/5 = 2. కాబట్టి d = 15. ఇందులో తప్పేముంది?

చీపురుపల్లి_చెల్లి · రాత్రి 10:27

నేను తేడా 4 పెట్టాను అన్నా. అందుకే 30 వచ్చింది. ఎందుకు 4 పెట్టానంటే పుస్తకంలో అలా ఉంది కాబట్టి. అంతకు మించి చెప్పలేను.

పాత_లెక్కల_మాస్టారు · రాత్రి 10:44

తేడా ప్రవాహం వల్లే వచ్చిందన్న మాట నిజం. ఎంత తేడా అన్నదే చూడాలి. నిలకడ నీటిలో పడవ వేగం మధ్యలో ఉంటుంది. వాలుకి పోయేటప్పుడు ఏరు దానికి 2 కలుపుతుంది, ఎదురొచ్చేటప్పుడు 2 తీసేస్తుంది. ఈ చివరికీ ఆ చివరికీ 4.

నమ్మకం కుదరకపోతే వచ్చిన జవాబుని వెనక్కి నడిపించండి. దూరం 15 అనుకుందాం. 3 గంటల్లో వెళ్లాడు, వేగం 5. 5 గంటల్లో వచ్చాడు, వేగం 3. మధ్యలో ఉన్నది 4, అది పడవది. 4ని 5 చెయ్యడానికి ఏరు ఇచ్చింది 1. ప్రశ్నలో ఉన్నది 2. సరిపోలేదు. ఇప్పుడు 30 పెట్టండి. వెళ్లేటప్పుడు 10, వచ్చేటప్పుడు 6, మధ్యలో 8, ఏరు 2. సరిపోయింది.

ఈ ప్రశ్న రాసినవాళ్లు 15ని ఆప్షన్లలో ఊరికే పెట్టలేదు. 4 బదులు 2 పెట్టినవాడికి అచ్చంగా దొరికేలా పెట్టారు. మీకు వచ్చిన జవాబు ఆప్షన్లలో కనిపించింది కదా అని సంతోషించడానికి లేదు.

పాలకొండ_ప్రిపరేషన్ · రాత్రి 10:51

వెనక్కి నడిపిస్తే తెలిసింది మాస్టారూ, 15 తప్పే. మరి టిక్కు ఎవరు పెట్టినట్టు? కోచింగ్ వాళ్ల కీలో కూడా 15 అని ఉంటే మార్కు పోయినవాళ్ల సంగతేంటి? పోయినేడు ఇంకో చోట నాకు ఇలాగే జరిగింది. తప్పు కీ పట్టుకుని నాకు మూడోవంతు మార్కు కోసేశారు. అడిగితే "కీ పైనుంచి వచ్చింది" అన్నారు, అంతే.

చీపురుపల్లి_చెల్లి · రాత్రి 10:58

టిక్కు ఎవరిదో నాకు తెలీదన్నా. పేపరు మా ఫ్రెండ్‌కి కూడా వేరే అమ్మాయి దగ్గర్నుంచి వచ్చింది. రేపు అడుగుతాను.

మాస్టారూ, 42 మీద ఇంకో సందేహం. పోను 10, రాను 6. సగటు 8. కానీ మొత్తం 60 కి.మీ.కి 8 గంటలు పట్టింది కాబట్టి సగటు 7.5 రావాలి. ఏది నిజం?

పాత_లెక్కల_మాస్టారు · రాత్రి 11:09

7.5. అతడు 10 వేగంతో 3 గంటలే ఉన్నాడు, 6 వేగంతో 5 గంటలున్నాడు. నెమ్మదిగా పోయిన వేళే ఎక్కువ కాబట్టి సగటు అటు లాగేస్తుంది. ఏరు కదలకుండా ఉండుంటే 8 వేగంతో 60 కి.మీ. ఏడున్నర గంటల్లో అయిపోను. ఇప్పుడు 8 పట్టాయి. వాలుకి ఇచ్చిన మేలు ఎదురులో పూర్తిగా లాక్కుని, పైన ఇంకో అరగంట తీసుకుంది ఏరు.

కళింగపట్నం_తెడ్డు · రాత్రి 11:20

ఆ అరగంట మా నాన్న లెక్కల్లో ఉండదండి. ఏరంతా ఒకే జోరు ఉంటాదని పేపర్లో రాసీసారు గానీ వంశధార అలా ఉండదు. నడి ఏట్లో జోరు, గట్టు వార తక్కువ. అందుకే వాలుకి పోయేటప్పుడు నడిమి నీళ్లలో వదిలీస్తాం, ఎదురు పోయేటప్పుడు గట్టు వారనే నడిపిస్తాం. మాకు కలిపే 2, తీసే 2 ఒకటి కాదు. కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోట అయితే పోటు వచ్చినప్పుడు నీళ్లు వెనక్కే వస్తాయి. అప్పుడు ఏది వాలు, ఏది ఎదురు?

లెక్క తప్పని అనట్లేదు. మా తమ్ముడికి చెప్పినప్పుడు వాడికి ఇదే అడ్డొచ్చింది. వాడు నిజం ఏరే చూశాడు, పేపరు ఏరు చూళ్లేదు. "ఎటు పోయినా, ఎక్కడైనా ఒకటే జోరు అనుకో" అని ముందు చెప్పాక గానీ ఎక్కలేదు.

పాత_లెక్కల_మాస్టారు · రాత్రి 11:31

అది ప్రశ్నలోనే రాయాల్సిన మాట. రాయరు, మనమే అనుకోవాలి. మీ తమ్ముడి సందేహం చాలా సరైనది.

రాజాం_బుల్లోడు · సోమవారం, ఉదయం 6:35

43కి రాత్రంతా ఆలోచించాను. 6 అంటాను. బిందె 20 నిమిషాల్లో 2 కి.మీ. పోయింది, గంటకు 6.

పాలకొండ_ప్రిపరేషన్ · ఉదయం 6:50

బుల్లోడూ, 20 నిమిషాలు అతడు గమనించేదాకా. ఆ తర్వాత వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టింది? ఆ సేపు బిందె ఆగిపోయి కూర్చోలేదు కదా. వెనక్కి వచ్చే సమయం తెలియాలంటే పడవ వేగం కావాలి. అది ఇవ్వలేదు. నాలుగో ఆప్షనే, సమాచారం చాలదు. ఇక్కడ మాత్రం నేను గట్టిగానే ఉన్నాను.

నెల్లిమర్ల_అమ్మ · ఉదయం 8:15

మా అబ్బాయి ఈ పరీక్షకే చదువుతున్నాడు, వాడి పక్కన కూర్చుని ఇదంతా చదివాను. నాకు లెక్కలు రావు. కానీ బిందె మాట చదవగానే నాకు జరిగినది గుర్తొచ్చింది. విజయనగరంలో రైలెక్కి బెర్తు మీద సంచి పెట్టి, మా ఆడపడుచుని వెతుక్కుంటూ బోగీల్లోంచి ముందుకు నడిచాను. ఐదు నిమిషాలు నడిచాక సంచి గుర్తొచ్చింది. గుండె ఝల్లుమని వెనక్కి అదే నడక నడిచాను. ఐదు నిమిషాలకి బెర్తు దగ్గరున్నాను. రైలు ఎంత జోరుగా పోతుందో నాకేం తెలుసు? సంచీ రైల్లోనే ఉంది, నేనూ రైల్లోనే ఉన్నాను. ఆ బిందె కూడా ఏట్లో అలాంటిదే కాదా? తప్పయితే చెప్పండి.

పాత_లెక్కల_మాస్టారు · ఉదయం 8:32

తప్పు కాదమ్మా. నేను చెప్పబోయిన మాటని నాకన్నా బాగా చెప్పారు. ఏరే రైలు. బిందె బెర్తు మీద సంచి. పడవ అందులో నడిచే మనిషి. ఏటి నీటితో పాటు కదులుతూ చూస్తే బిందె ఉన్నచోటే ఉంది. పడవ దాని నుంచి 20 నిమిషాలు దూరం జరిగింది, అదే బలంతో తెడ్డు వేసి వెనక్కి వచ్చింది కాబట్టి మళ్లీ 20 నిమిషాలు. బిందె నీటిలో ఉన్నది మొత్తం 40 నిమిషాలు. ఆ 40 నిమిషాల్లో ఏరు దాన్ని 2 కి.మీ. మోసింది. గంటకు 3 కి.మీ.

బుల్లోడికి ఆ రెండో 20 తప్పిపోయింది, అందుకే రెట్టింపు వచ్చింది. అది కూడా ఆప్షన్లలో పెట్టారు, చూడండి.

పాలకొండ_ప్రిపరేషన్ · ఉదయం 8:47

మాస్టారూ, పోలిక బాగుంది. కానీ రైల్లో మనిషికి ముందుకీ వెనక్కీ ఒకటే నడక. పడవ అలా కాదే. ఎదురు పోయేటప్పుడు నెమ్మది, వాలుకి వచ్చేటప్పుడు జోరు. 20 నిమిషాలు ఎదురెక్కిన దూరాన్ని వాలులో ఇంకా తక్కువ సేపట్లో దిగేస్తాడు. రెండూ 20 ఎలా అవుతాయి?

పాత_లెక్కల_మాస్టారు · ఉదయం 9:05

గట్టు మీద నిలబడి చూస్తే మీరన్నదే నిజం, ఎదురెక్కిన దూరం త్వరగా దిగేస్తాడు. కానీ అతడు దిగాల్సింది ఆ దూరం ఒక్కటే కాదు. వంతెన దాటి ఇంకా కిందికి, బిందె పోయినంత మేరా పోవాలి. ఆ రెండూ కలిసి ఎంతవుతుందో అంకెలతో చూడండి. పడవ వేగం మీరే చెప్పండి.

పాలకొండ_ప్రిపరేషన్ · ఉదయం 9:08

5 పెట్టండి.

పాత_లెక్కల_మాస్టారు · ఉదయం 9:24

ఏరు 3, పడవ 5. ఎదురెక్కే వేగం 2. 20 నిమిషాల్లో వంతెనకి పైన ముప్పావుకి కొంచెం తక్కువ, 2/3 కి.మీ. ఎక్కాడు. ఈలోగా బిందె వంతెనకి కింద 1 కి.మీ. పోయింది. ఇద్దరి మధ్య 5/3 కి.మీ. ఇప్పుడు తిరిగాడు. అతని వేగం 8, బిందె వేగం 3, దగ్గరయ్యే వేగం 5. 5/3ని 5తో భాగిస్తే 1/3 గంట. 20 నిమిషాలు. బిందె ఇంకో కిలోమీటరు పోయి సరిగ్గా 2 కి.మీ. దగ్గర దొరుకుతుంది.

పడవ 10 పెడితే మధ్య దూరం 10/3 అవుతుంది, దగ్గరయ్యే వేగం 10. మళ్లీ 1/3 గంట. దూరమవడమూ దగ్గరవడమూ రెండూ పడవ సొంత వేగంతోనే జరుగుతున్నాయి. ఏటి వేగం ఒకసారి కలిసీ ఒకసారి తీసేసీ రద్దయిపోతోంది. అందుకే ప్రశ్నలో పడవ వేగం ఇవ్వలేదు.

పాలకొండ_ప్రిపరేషన్ · ఉదయం 9:40

రెండు అంకెలతో నేనే కాగితం మీద మళ్లీ చేశాను. 7తో కూడా 20 వచ్చింది. ఒప్పుకుంటున్నాను.

కళింగపట్నం_తెడ్డు · ఉదయం 10:12

బిందె మూతి పైకి ఉండి ఖాళీగా తేలితే గాలి పట్టుకుంటాది. సముద్రపు గాలి ఎదురు కొడితే నీళ్లంత జోరుగా పోదు. నీళ్లతో పాటు పోవాలంటే సగం మునిగుండాలి. పడవ కూడా ఏటి వారకి పోయి తిరిగితే మధ్యలో ఉన్న బిందె లెక్క కుదరదు.

పాత_లెక్కల_మాస్టారు · ఉదయం 10:30

గాలి సంగతి మీరు చెబితేనే తట్టింది. పేపర్లో గాలి లేదనుకోవాలి, తప్పదు.

ఇప్పుడు చెల్లెమ్మకి ఒక ప్రశ్న. మీరు టైపు చేసిన "వెంటనే" అన్న మాట ఫొటోలో నిజంగా కనిపించిందా? నేను ఫొటో పెద్దది చేసి చూస్తే "గమనించి" తర్వాత మడత వచ్చి, మళ్లీ "వెనుదిరిగి" దగ్గర బయటపడింది. మధ్యలో ఒక మాటకి చోటుంది.

చీపురుపల్లి_చెల్లి · ఉదయం 10:41

అయ్యో, లేదండి. అక్కడ ఏదో మాట ఉందని తెలిసింది గానీ చదవలేకపోయాను. అర్థం కుదిరేలా "వెంటనే" అని నేనే పెట్టేశాను. అంత తేడా వస్తుందా?

పాత_లెక్కల_మాస్టారు · ఉదయం 10:58

వస్తుంది. అక్కడ "కాసేపు గట్టున ఆగి" అని ఉందనుకోండి. ఆ సేపట్లో పడవ కదలదు, బిందె పోతూనే ఉంటుంది. నెల్లిమర్ల అమ్మగారు రైలు దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడినట్టు అవుతుంది. రైలు వెళ్తున్న కొద్దీ సంచి దూరమైపోతుంది. అప్పుడు ఆ ఎడం పూడ్చడానికి పడవ వేగం తెలియాలి. పాలకొండ తమ్ముడు అన్నట్టు నాలుగో ఆప్షనే సరైనదవుతుంది. ఇతరుల పేపరు చూసి టైపు చేసేటప్పుడు కనిపించని చోట చుక్కలు పెట్టండి, ఊహించి నింపకండి.

నెల్లిమర్ల_అమ్మ · ఉదయం 11:20

మా అబ్బాయి అడుగుతున్నాడు. గట్టున ఆగకుండా, ఏట్లోనే తెడ్డు పక్కన పెట్టి పది నిమిషాలు అలసట తీర్చుకుంటే?

చీపురుపల్లి_చెల్లి · ఉదయం 11:48

ఇది నేను చెప్పనా మాస్టారూ? తెడ్డు వెయ్యకపోతే పడవ కూడా ఏటితో పాటే పోతుంది, బిందె పోయినట్టే. మధ్య దూరం పెరగదు, తగ్గదు. రైల్లోనే ఇంకో బోగీలో పది నిమిషాలు కూర్చున్నట్టు. కాబట్టి 20 పోను, 10 అలసట, 20 రాను, మొత్తం 50 నిమిషాలు. పడవ వేగం అక్కర్లేదు. 2 కి.మీ.కి 50 నిమిషాలంటే ఏరు గంటకు 2.4.

పాత_లెక్కల_మాస్టారు · మధ్యాహ్నం 12:05

సరిగ్గా అంతే.

చీపురుపల్లి_చెల్లి · సాయంత్రం 6:30

ఫ్రెండ్ ఇంకో ఫొటో పంపింది. ఈసారి కాగితం పరిచి, కిటికీ వెలుగులో తీసింది. 41లో 6 స్పష్టంగా ఉంది. 43లో "వెంటనే" అనే ఉంది, కాబట్టి గంటకు 3 కి.మీ. 42 టిక్కు మాత్రం ఆ అమ్మాయి తానుగా పెట్టలేదట, కోచింగ్‌లో బోర్డు మీద రాసిన కీ చూసి పెట్టుకుందట. బోర్డు మీద రాసినప్పుడు తప్పిందో, అసలు కీలోనే 15 ఉందో తెలియలేదు. బుధవారం క్లాసులో మాస్టారు చెప్పినట్టు 15ని వెనక్కి నడిపించి, ఏటి వేగం 1 వస్తోందని సార్‌కి చూపిస్తానంది.

పాలకొండ_ప్రిపరేషన్ · సాయంత్రం 6:44

ఏం చెప్పారో ఇక్కడ రాయి చెల్లీ. 30కి టిక్కు పెట్టినవాళ్లందరికీ మార్కు తిరిగి వేశారో లేదో కూడా.